లోగో లేని కార్డు

కొనుగోళ్ల విభాగంలో విజిటింగ్ కార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించేది ఒకే ఒక్క టైపిస్టు. పంపుల డీలరు కార్డు మీద తయారీ కంపెనీ లోగో, దాని కింద వాళ్ల నంబరు కొట్టొచ్చినట్టున్నాయి. డీలరు దుకాణం పేరు ఓ మూల గొలుసుకట్టు అక్షరాల్లో నక్కింది. అతని నంబరు అంచు వెంబడి నిలువుగా ఉంది. ఏం మాయరోగమో, కార్డు పక్కకి తిప్పి చూడకుండా కంపెనీ పేరూ నంబరే టైపు చేసేసింది. పెద్ద ఆర్డరు డీలరుని దాటేసి నేరుగా కంపెనీకి వెళ్లిపోయింది.

నెల తర్వాత డీలరు కొత్త కార్డు తెచ్చాడు. లోగో లేదు, అన్నీ ఒకే రకం అక్షరాలు.

"పాత కార్డు గందరగోళంగా ఉందటగా! మీ మేనేజరుగారు చెప్పారు. తప్పు నాదేనమ్మా."

ఆమె ఈసారి కార్డుని పక్కకి కూడా తిప్పి చూసింది. మేనేజరుకి ఆ మాట చెప్పి తప్పించుకున్నది తనే.