వాసన చూసిన ముక్క

కొత్త ఇంటికి టేకు దర్వాజే కావాలని పోశవ్వ మొండిపట్టు పట్టింది. పాత ఇంటి మామిడి దర్వాజను చెదలు పిండి చేసి వదిలాయి మరి. ఆ ఏటి పసుపు పంట మొత్తం ఈ దర్వాజకే పోయింది. ఇది చెడితే మళ్లీ కొనే స్తోమత లేదు.

కొనడానికి లక్సెట్టిపేట వెళ్లింది ఆమె పెనిమిటి హనుమండ్లు. ఆయనకు తన ముక్కు మీద మహా నమ్మకం. దర్వాజలు చేసి అమ్మే వడ్ల రాయమల్లు ఒక చెక్కముక్క చేతిలో పెట్టగానే వాసన చూసి బేరం ఖాయం చేసేశాడు. ఆ ముక్కను రొంటిన దోపుకుని వచ్చి, కనపడ్డ ప్రతివాడి ముక్కుకూ ఆనిస్తున్నాడు.

"సూడు, తోలు వాసన! చేతికి నూనె జిడ్డు తాకుతలేదా? అసలు టేకంటే గిదే!"

దర్వాజ నిలబెట్టే రోజు రాయమల్లే బిగించడానికి వచ్చాడు. దర్వాజ కాలు ఒకటి సరిగ్గా కూర్చోకపోతే చిత్రిక పట్టాడు. ఆ పొట్టు పక్కనే ఉన్న నీళ్ల చెంబులో రాలింది. కాసేపటికి గడప కడుగుదామని పోశవ్వ చెంబెత్తి చూస్తే నీళ్లు పసుపుపచ్చగా మారి ఉన్నాయి.

"పసుపు పడ్డదక్కా," అన్నాడు రాయమల్లు.

"పసుపు ఇంకా కలుపనే లేదు తమ్మీ. పొట్లం గూడ ఇప్పలే."

పోశవ్వ ఆ నీళ్లను గాజు గ్లాసులో పోసి ఎండకు పట్టింది. అంచున సన్నగా నీలిరంగు మెరిసింది. ఈ రంగు ఆమె పుట్టింట్లో రోజూ చూసిందే.

"మా బాపు చక్కెర బీమారికని పొద్దుగాల్ల గీ చెక్క నానబెట్టిన నీళ్లే తాగుతడు. ఇది ఏగిస చెక్క."

"టేకు గూడ జర రంగు ఇడుస్తదక్కా!"

పోశవ్వ మొగుడి వైపు చెయ్యి చాపింది. "నీ రొంటి ముక్క తియ్యి."

హనుమండ్లు ఆస్తి రాసిచ్చినంత బాధగా తీసిచ్చాడు. ఆమె దాన్ని కత్తిపీట మీద సన్నగా చెక్కి వేరే గ్లాసులో వేసింది. ముగ్గురూ దాని ముందే కూర్చున్నారు. ఎంతసేపైనా ఆ నీళ్లు ఇంచుమించు తేటగానే ఉన్నాయి, నీలి మెరుపు జాడే లేదు. రాయమల్లు తల గోక్కున్నాడు.

"ముక్క టేకే, దర్వాజ ఏగిస," అంది పోశవ్వ. "నువ్వు వాసన చూసిందొకటి, మోసుకొచ్చిందొకటి!"

హనుమండ్లు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. రాయమల్లు నవ్వలేక నవ్వాడు. "తప్పయిందక్కా. ఏగిస గూడ గట్టిదే గని, టేకని అమ్ముడు తప్పే. దర్వాజ మార్చిస్త."

మాట ప్రకారం మరో దర్వాజ బండి మీద తెచ్చాడు. పోశవ్వ దాన్ని బండి మీంచి దింపనివ్వలేదు. ముందు దాని కాలి నుంచే కాస్త పొట్టు గీయించి, గ్లాసులో వేసి, నీళ్లు తేటగా ఉన్నాయని రూఢి చేసుకున్నాకే సరేనంది. మోసగాడని కోపమున్నా, మొదటి దర్వాజ నుంచి రాలిన ఏగిస పొట్టును మాత్రం బాపు కోసం మూట కట్టుకుంది.

దర్వాజ నిలబెట్టాక హనుమండ్లు అలవాటు కొద్దీ కొత్త గడప మీదికి వంగి ముక్కు ఆనించాడు.

"వాసన చూసుడు సాలు గని," అంటూ పోశవ్వ పసుపు గిన్నె అందించింది, "గిప్పుడు గడపకు పసుపు రాయి."