నూట నలభై తేనెటీగలు

మమతారాణి ఒక తేనె కంపెనీ ఆన్‌లైన్‌లో పెట్టిన లోగో పోటీకి గీసిన తేనెటీగకు ఆ కంపెనీవాళ్లు ఐదు స్టార్లిచ్చారు. ఎంట్రీలు అందరికీ కనబడతాయి కాబట్టి మర్నాటికే అలాంటి తేనెటీగలు పన్నెండు వచ్చాయి.

తల్లి శంకరవ్వకు దడ పుట్టింది. "బయానా పైసలు ముందుగాల చేతికి రానిదే మీ బాపు మగ్గం మీద పోగెక్కియ్యడు. నువ్వు ఉత్తగనే గీసి లోకానికి చూపిస్తివి."

"గెలిస్తేనే పైసలవ్వా. స్టార్లు నచ్చిందని చెప్తయంతే. ఆఖరుకు వాళ్లిష్టం."

గెలిచింది ఆ పన్నెండింటిలోని ఒక లావుపాటి తేనెటీగ. మమత రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు ఫోన్‌లో ఇంకో పోటీ తెరిచింది.

"దీంట్ల ఒకరిది ఒకరికి కనబడదు. ప్రైజ్ ఎవరికో ఒకరికి ఇచ్చుడు ఖాయం."

"ఎంతమంది గీస్తుండ్రు?"

"నూట నలభై."

శంకరవ్వ ఫోన్‌లోకి తొంగిచూసింది. "నువ్వే గెలిస్తివనుకో, గా మిగిలినోళ్ల అవ్వలు ఎంత పరేషాన్ అయితరే."