క్వార్టర్ మాస్టర్ బొజ్జయ్య

ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో చేసి వచ్చిన బొజ్జయ్యకు ఊళ్ళో ఒక ఉద్యోగం, ఉద్యోగాలిచ్చే చోట ఇంకో ఉద్యోగం తయారుగా ఉన్నాయి. ఆ రెండూ ఆయన చేసినవి కావు.

ఊళ్ళో ఉద్యోగం తల్లి భీమక్క ఇప్పించింది. ఎప్పుడో సెలవులో వచ్చినప్పుడు ప్రమోషన్ వచ్చిందమ్మా, కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అయ్యానని చెప్పాడు. ఆమెకు అందులో గుర్తున్నది మాస్టర్ ఒక్కటే. "మా పిల్లగాడు మిలిటరీల మాష్టరు" అని దుమ్ముగూడెం సంతలో కూడా చెప్పుకుంది. సైనికులకు అక్షరాలు దిద్దిస్తున్నాడని అందరూ అనుకున్నారు. తిరిగొచ్చాక ఇద్దరు పిల్లల్ని లెక్కలు నేర్పమని పంపించారు కూడా. పాపం, బొజ్జయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో ఉద్యోగం భద్రాచలం అవతల, బూర్గంపాడు దారిలో కొత్తగా కట్టిన మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎదురైంది. స్టోర్ ఇన్‌ఛార్జి కావాలని తెలిసి, డిశ్చార్జి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, ఒక కాగితం పట్టుకుపోయాడు. ఆఫీసు చూసే నాగరాజు దాన్ని పైనుంచి కిందికి చదివాడు.

"క్వార్టర్ మాస్టరా?" అని పక్కవాడి వైపు చూసి కన్నుకొట్టాడు. "క్వార్టర్ కొడ్తవా, పోస్తవా అన్నా?"

ఇద్దరూ నవ్వారు. బొజ్జయ్య నవ్వలేదు. నాగరాజు చెడ్డవాడు కాదు, సర్దుకున్నాడు.

"అంటే స్టాఫ్ క్వార్టర్స్ చూసుకునేటోడివి గదా? మా దగ్గర కూలీల క్వార్టర్లున్నయి. తాళాలు నీ చేతికిస్త. రాత్రిపూట గేటు కూడా నువ్వే చూస్కో. మిలిటరీ మనిషివి, గట్టిగ ఉంటవ్."

ఇంటికి వచ్చి చెబితే భార్య ప్రమీల అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. హైదరాబాదు సెక్యూరిటీ ఏజెన్సీ నుంచి వచ్చిన కాగితం దూలంలో చెక్కి ఉంది, ఒకటో తారీఖుకల్లా చేరాలి.

"ఇరవై నాలుగేండ్లు నీ సెలవులల్లనే కాపురం జేసిన," అంది. "మళ్ళ పోతనంటే నేను మాట్లాడ. కానీ గేటు కాడ కట్టె పట్టుకొని నిలబడ్తనన్నా మాట్లాడ. నువ్వు అంత తక్కువ పని జెయ్యలే."

ఆ మాట బొజ్జయ్యకు సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి భద్రాచలంలో కళావతి నెట్ సెంటర్‌కి పోయాడు. కళావతి ఫారాలు నింపడంలో, రెజ్యూమెలు కొట్టడంలో ఆ వీధికంతటికీ పెద్ద. ఆయన కాగితం చూసి పక్కన పెట్టేసింది.

"అన్నా, ఇది మీ సాబ్‌లకు అర్థమైతది. మిర్చి సేటుకు కాదు. పేరు నాకు జెప్పకు, పని జెప్పు. పొద్దుగాల లేస్తే ఏం జేసేటోడివి?"

"సామాను చూసేటోణ్ణి, చెల్లె."

"ఏం సామాను? ఎంతమందికి?"

తానున్న సరిహద్దు పోస్టు పేరు, ఊరు పేరు చెప్పనని ముందే తేల్చేశాడు బొజ్జయ్య. కళావతి సరేనంది. అప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు. కంపెనీలో నూట ఇరవై మంది. చలికాలం వస్తే కొండ మీదికి దారి ఆరు నెలలు మూతపడుతుంది. పప్పు, బియ్యం, కిరోసిన్, బూట్లు, కంబళ్ళు, ఏది కావాలన్నా మంచు పడకముందే పైకి చేరాలి. ఏది ముందు పాడవుతుందో అది ముందు వాడాలి. ఎలుక చేరకుండా, తేమ పట్టకుండా గోడకు దూరంగా పేర్చాలి. ఏటేటా తనిఖీ బోర్డు వచ్చి ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంటుంది.

"ఎప్పుడన్న తక్కువొచ్చిందా?"

"ఒక్కసారి రెండు కంబళ్ళు. దొరికినయి."

కళావతి వేళ్ళు కీబోర్డు మీద ఉరికాయి. అయ్యాక తెర ఇటు తిప్పింది. మొదటి వరస చదివి బొజ్జయ్య కుర్చీలోంచి లేవబోయాడు.

"నూట ఇరవై మంది కంపెనీకి మేనేజర్ అని రాసినవేంది?"

"నువ్వే జెప్తివి గదన్నా, కంపెనీ అని."

"కంపెనీ అంటే దుకాణం కాదు చెల్లె, జవాన్ల జట్టు. దానికి మేజర్ సాబ్ ఉంటడు. నా కింద ఉన్నది నలుగురే. నలుగురని రాయి."

"నలుగురంటే చిన్నగ కొడ్తది."

"కొట్టనీ. నలుగురే."

కళావతి మూతి తిప్పుకుంది గాని దిద్దింది. చివరికి కాగితం ఇలా నిలబడింది: స్టోర్స్, సప్లై సూపర్‌వైజర్. దారి లేని చోట నూట ఇరవై మందికి ఆరు నెలల సరుకు ముందుగా అంచనా వేసి, నిల్వ చేసి, పంచిన అనుభవం. నలుగురితో పని చేయించడం. ఏటా జరిగే తనిఖీలో సరుకు లెక్క సరిగ్గా చూపడం. అట్టడుగున, డిశ్చార్జి పుస్తకంతో సరిపోవాలని, అసలు ర్యాంకు అక్షరం మారకుండా పెట్టింది.

"రేపు పుస్తకం చూపించమంటే పేరు కలవాలె గదా," అంది. "పైన వాళ్ళకు, కింద మీకు."

ఈసారి నాగరాజు దగ్గర ఆగలేదు. కాగితం నేరుగా యజమాని వెంకటేశ్వరరావు బల్ల మీదికి పోయింది, ఆయన పిలిపించాడు. బొజ్జయ్య లోపలికి వెళ్ళేసరికి నాగరాజు అక్కడే నిలబడి ఉన్నాడు, మొహం కాస్త వాడింది.

"నువ్వే గదన్నా మొన్న వచ్చినోడివి?"

"నేనే."

వెంకటేశ్వరరావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "ఏమండీ, ఈ ఇద్దరూ ఒకరేనా?"

"ఒక్కణ్ణే సార్. మొదటిది నా భాషల రాసుకున్న."

ఆయన లేచి చల్లటి గదిలోకి తీసుకుపోయాడు. కొత్త సంచులు తలుపు దగ్గరే కుప్పగా పడి ఉన్నాయి, వెనక వరసలు గోడకు ఆనుకున్నాయి. బొజ్జయ్య కాసేపు చూసి నోరు విప్పాడు.

"గోడకు మూరెడు జాగా వదలాలె సార్, లేకుంటే గాలి తిరగదు. ఇంకోటి, వెనక లాటు రైతు రేపొచ్చి నా సంచులియ్యిమంటే, ముందున్నవన్ని మోసి తీయాలె. మనిషి నడిచే సందు ఉండాలె. పిలిచిన రోజు సంచి చేతికి రావాలె."

వెంకటేశ్వరరావు నాగరాజు వైపు తిరిగాడు. నాగరాజు నేల చూశాడు.

"ఇక్కడ మీ కింద నలుగురుంటారు," అన్నాడు యజమాని బొజ్జయ్యతో. "నలుగురని రాశారు కాబట్టే మిగతాది నమ్మాను. మిలిటరీ నుంచి వచ్చిన కాగితాలు చాలా చూశాను, అందరూ వందమందిని నడిపించినవాళ్ళే. సోమవారం రండి."

గేటు దగ్గరకొచ్చాక నాగరాజు వెనకే పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఆ క్వార్టర్ ముచ్చట మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోలే," అన్నాడు బొజ్జయ్య నవ్వుతూ. "మిలిటరీల రమ్ము పంచేది కూడా నేనే. కొలత తప్పితే ఊకునేటోణ్ణి కాదు."

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలలేదు ఇంకా. సంగతి విని ప్రమీల దూలంలో చెక్కిన ఏజెన్సీ కాగితం లాగి పొయ్యిలో పెట్టేసింది, నవ్వు దాచుకోలేక. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తున్న భీమక్కకు మాత్రం ఏం జరిగిందో అంతుపట్టలేదు.

"ఏం కొలువు బిడ్డా? మళ్ళ మాష్టరేనా?"

బొజ్జయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ర్యాంకు పేరెత్తకుండా, కళావతికి చెప్పినట్టే చెప్పాడు. మంచు సంగతి, మూసుకుపోయిన దారి, ఆరు నెలలు నూట ఇరవై మంది తిండి, ఏ ఒక్కరూ ఏ పూటా పస్తుండకపోవడం.

భీమక్క చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. అడవిలో కరువు రోజులు చూసిన మనిషి ఆమె.

"అంతమందికి బువ్వ తక్కువ గాకుండ చూసినవా?" అంది. కళ్ళు తుడుచుకుని కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "గంత పెద్ద పని చేసుకుంట, ఒట్టి మాష్టరునని చెప్పుకున్నవేందిరా?"