తేటనీళ్ళు

ఆరో తరగతి సైన్సు టీచరు ఆ పాఠానికి వారం రోజులు తంటాలు పడింది. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను తలకిందులుగా నిలబెట్టి, మూతి దగ్గర నాలుగు మడతల నూలుగుడ్డ కట్టింది. దాని మీద కడిగిన సన్న ఇసుక, ఆపైన ముతక ఇసుక, అన్నిటికంటే పైన గులకరాళ్ళు. బురదనీళ్ళు పోస్తే కింద గ్లాసులోకి చుక్క చుక్కగా తేటనీళ్ళు దిగాయి.

ఆ రోజు తనిఖీకి వచ్చిన పెద్దాయన గ్లాసు వెలుతురుకి పట్టి చూశాడు.

"భలే. ఇంకేం, ఇవి తాగేయొచ్చన్నమాట."

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. టీచరు నోటిదాకా ఒక మాట వచ్చింది. పెద్దాయన మాటకు ఎదురు చెప్పడమెందుకని నవ్వి ఊరుకుంది. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు పరీక్షలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయింది.

పది రోజులకి బడి వెనక వీధిలో మురుగు కాలువ బాగుచేయడానికి గొయ్యి తవ్వారు. కుళాయిల్లో మట్టినీళ్ళు రావడం మొదలైంది. సోమవారం నాడు హాజరు పిలుస్తుంటే అయిదుగురు పలకలేదు. అయిదుగురిదీ ఆ వీధే. రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చునే పిచ్చుక కూడా రాలేదు. సన్నగా, గలగలా ఉంటుందని పిల్లలు పెట్టిన పేరది.

"వాళ్ళ తాతకి బాగోలేదంట టీచర్," అన్నారెవరో. "వాంతులంట."

టీచరు ఆ అయిదు పేర్లూ విడిగా రాసుకుంది.

బడి వదలగానే ఆ వీధికి నడిచింది. గొయ్యి పక్కన తాగునీటి గొట్టం పైకి తేలి ఉంది. అతుకు దగ్గర చుట్టిన గుడ్డపేలిక నల్లగా తడిసింది. దాన్ని ఆనుకునే మురుగు పారుతోంది. తల పైకెత్తి చూస్తే కిటికీ చువ్వలకి తలకిందులుగా కట్టిన సీసా కనిపించింది. పక్కింటికీ ఒకటి. ఎదురింటికి రెండు. అన్నీ తను చెప్పినట్టే, ఒక్క పొర అటూఇటూ కాకుండా ఉన్నాయి.

పిచ్చుక తల్లి కుట్టుపని చేస్తుంది. మిషను మీంచి లేచి కుర్చీ వేసింది.

"రండి టీచరుగారూ. మా పిల్ల ఫిల్టరు చూశారా? గుడ్డ నేనే ఇచ్చా. నీళ్ళు ఎంత బురదగా వచ్చినా అద్దంలా దిగుతున్నాయి."

"మరగబెడుతున్నారా అమ్మా?"

"ఇదివరకు మరగబెట్టేవాళ్ళం. ఇప్పుడింత తేటగా ఉంటే ఎందుకండీ? తాగేయొచ్చని మీ బళ్ళోనే చెప్పారంటగా."

ఈలోగా పిచ్చుక గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది. పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. టీచరు గ్లాసు అందుకుంది. అందులో నలుసైనా లేదు. తాగకుండా పక్కన పెట్టేసింది.

లోపలి గదిలో ముసలాయన మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. ఆమె ఆయన చేతి మీది చర్మాన్ని పట్టి వదిలింది. మడత పడింది పడినట్టే ఉండిపోయింది, ఒంట్లో నీరు అంతలా ఇంకిపోయింది.

"పొద్దుట్నించి ఎన్నిసార్లయింది?"

"లెక్కెక్కడిదండీ," అంది తల్లి. అప్పుడామె గొంతులో మొదటిసారి భయం పలికింది.

"ఆటో పిలవండి. పాపని కూడా తీసుకెళ్దాం. ఆ నీళ్ళు ఇక ఎవరూ ముట్టొద్దు. ఇసుకకి మట్టే ఆగుతుందమ్మా, రోగం ఆగదు. అది ఇసుక సందుల్లోంచి జారిపోయేంత చిన్నది. మరగబెడితేనే చస్తుంది. ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది. నేను చెప్పలేదు."

తల్లి ఆమెను తిట్టలేదు. ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఆస్పత్రిలో పిచ్చుకకి సెలైను ఎక్కించారు. తెల్లవారేసరికి కాస్త తేరుకున్నా, ఇంకొన్నాళ్ళు ఉంచాలన్నారు. తాత మూడో రోజు పోయాడు.

టీచరు ప్రతి మధ్యాహ్నం ఆ వీధిలో తలుపు తలుపూ తట్టింది. కొందరు విని పొయ్యి మీద గిన్నె పెట్టారు. ఒకాయన నవ్వి, "మొన్న తాగమన్నదీ మీరే, ఇవాళ వద్దన్నదీ మీరేనా?" అన్నాడు. ఆ ఇంట్లో నెలల బిడ్డ ఉంది. కిటికీకున్న సీసా ఆయన తియ్యనివ్వలేదు. మర్నాడు మళ్ళీ వెళ్తే తలుపుకి తాళం వేసి ఉంది. ఆస్పత్రికి వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది.

అటునుంచే టీచరు ఆస్పత్రికి వెళ్ళింది. పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"టీచర్, నేను ఇసుక సరిగ్గా కడగలేదా?"

"బాగానే కడిగావమ్మా."

"మరి తాతెందుకు పోయాడు?"

టీచరు మంచం అంచున కూర్చుంది. పెద్దాయన అన్న మాట నుంచి మొదలుపెట్టి, తను నవ్వి ఊరుకున్న సంగతితో సహా అంతా చెప్పింది. పిచ్చుక మధ్యలో అడ్డు రాకుండా వింది. విన్నాక కూడా గోడవైపు నుంచి ఇటు తిరగలేదు.