ఖాళీ లేని మనిషి

కుట్టుమిషన్ల కంపెనీలో పద్దెనిమిదేళ్లు చేసి, ఇక ఒకరి కింద పనిచెయ్యడం నా వల్ల కాదని బయటికి వచ్చేసిన మెకానిక్‌కి మొదటి ఏడాది కాళ్లు నేలమీద ఆనలేదు. ఒక పెద్ద బట్టల ఫ్యాక్టరీ దొరికింది. రోజూ అక్కడే పని, వారం తిరిగేసరికి చేతినిండా డబ్బు. చిన్న చిన్న యూనిట్ల వాళ్లు ఫోన్ చేసి, నెలకోసారి వచ్చి నూనె వేసి, బెల్టులు చూసి, నెలకింతని తీసుకోమంటే నవ్వేవాడు. నెలజీతమే కావాలంటే కంపెనీలోనే పడుండేవాణ్ణి కదా అనేవాడు.

ఇంటావిడ అప్పుడే అంది. "ఒక్కళ్లనే నమ్ముకుంటే ఎలాగండీ? రేపు వాళ్లు వద్దంటే?"

"నేను లేకపోతే వాళ్ల పని ఆగిపోద్ది. నీకేం తెలుసు."

ఫ్యాక్టరీ వాళ్లు జీతానికి ఒక మెకానిక్‌ని పెట్టుకున్నారు. ఏ పనీ ఆగలేదు. ఆగింది ఇతని రాబడే. దాచింది ఏమైనా ఉందా అంటే, అది సోఫాగా మారి హాల్లో కూర్చుంది. దానిమీద కూర్చోవడానికి మాత్రం అతనికి మొహం చెల్లలేదు. పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని, పనుందని ఇంట్లో చెప్పి, మిషన్ల సామాన్లు అమ్మే షాపులో బల్లమీద చేరేవాడు.

మంగళవారం ఆ బల్లమీద ఉండగానే స్కూలు యూనిఫాంలు కుట్టించే మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ దగ్గర పన్నెండు మిషన్లున్నాయి.

"రెండు మిషన్లు కుట్లు వదిలేస్తున్నాయి మెకానిక్ గారూ. ఇంకో మాట కూడా మాట్లాడాలి. వస్తారా?"

వెళ్తే పది నిమిషాల దారి. కానీ ఖాళీగా ఉన్నానని తెలిస్తే అడిగిన రేటు ఎవరిస్తారు? గొంతు బరువు చేసుకుని, "ఈ వారం ఊపిరాడటం లేదు మేడమ్. సోమవారం చూద్దాం" అన్నాడు. పెట్టేశాక తనని తానే మెచ్చుకున్నాడు కూడా.

గురువారం ఆవిడ సూదుల కోసం ఆ షాపుకే వచ్చింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడుగానీ, షాపు ఓనరు ఊరుకునే రకం కాదు.

"కుట్లు వదిలేస్తున్నాయా? మన మెకానిక్ గారు ఉన్నారుగా, తీసుకెళ్లండి. షట్టర్ ఎత్తేది నేను, దించేదాకా కూర్చునేది ఆయన. నెలరోజులుగా ఈ బల్ల ఆయన పేరు మీదే ఉంది."

మేడమ్ పేపరు వంక చూసింది. "సోమవారం అన్నారు కదండీ."

"ఒక పని... క్యాన్సిల్ అయింది మేడమ్."

"ఏ పని?" అన్నాడు ఓనరు, నిజంగానే తెలుసుకుందామని.

పేపరు మడిచిపెట్టి, సంచి తీసుకుని ఆవిడ వెనకాలే నడిచాడు. దారంతా ఆవిడ కుట్లు ఎలా వదిలేస్తున్నాయో మర్యాదగా చెప్పుకొచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది.

యూనిట్లో ఆగిన మిషన్ల ముందు ఇద్దరు ఆడవాళ్లు చేత్తో బొత్తాలు కుడుతున్నారు. వాళ్లది పీసుకింతని వచ్చే కూలి, బొత్తాలకి విడిగా ఏమీ రాదు. "ఆయనకి ఖాళీ లేకపోయేసరికి మనకి ఖాళీ వచ్చింది వదినా" అని ఒకామె రెండో ఆమెతో అంది. అతను వినీ వినట్టు వంగి మిషన్ పక్కకి వాల్చాడు. మందం గుడ్డమీద సూది కొట్టుకుని హుక్ జరిగింది. సూది కింది నుంచి కాస్త లేచే క్షణానికి హుక్ మొన దారం అందుకోవాలి, అందుకోవడం లేదు. సరిచేసి బిగించాడు. రెండోదానికి సూదే పక్కకి తిరిగి ఉంది. అంతా కలిపి గంట పట్టలేదు. దానికోసం రెండు రోజులు వాళ్ల కూలి పోయింది.

డబ్బు తీసుకుంటూ నెలవారీ మాట తనే ఎత్తాడు.

"అది మాట్లాడదామనే మొన్న ఫోన్ చేశానండీ" అంది మేడమ్. "మీకు తీరిక లేదన్నారని నిన్న ఇంకొకాయనతో ఖాయం చేసుకున్నాను. ఒకటో తారీకు నుంచి వస్తారు."

"నేను తక్కువకే చేస్తాను మేడమ్."

"తక్కువ ఎవరడిగారు? మిషన్ ఆగితే వచ్చే మనిషి కావాలి నాకు."

అతను సంచి జిప్పు రెండుసార్లు వేసి తీశాడు.

ఆవిడే మళ్లీ అంది. "మా చెల్లెలు కొత్తగా ఆరు మిషన్లు పెట్టింది. మనిషి కోసం చూస్తోంది. పెద్దగా ఇచ్చుకోలేదు గానీ నెలనెలా ఇస్తుంది. మీ గురించి చెప్పనా? ఏమని చెప్పమంటారు?"

ఇందాక మాట విసిరినావిడ మిషన్ ఆపి మరీ చూస్తోంది.

తల ఎత్తకుండానే అన్నాడు.

"ఖాళీగా ఉన్నానని చెప్పండి."