మేడమీదావిడ పేరున మిషను

"నాకెందుకో ఈ మిషను మన గడప దాటేలోపు ఏదో ఒకటి అవుతుందనిపిస్తోంది," అంది బెంగమ్మ.

అప్పటికి మిషను కొననేలేదు. కొనడానికి బయలుదేరనైనా లేదు. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మంలో ఒక చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటూ అన్న మాట అది. లోపల కుట్టుపని చేసే ఆడవాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. బెంగమ్మ అన్న పేరు పెట్టింది వాళ్ళే. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

కూతురు మాత్రం నవ్వలేదు. ఆ కుట్టుకేంద్రం ఆమెది. ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు కుట్టే పని కొత్తగా వచ్చింది. అంచులు కొట్టే ఓవర్‌లాక్ మిషను లేకపోతే ఆ పని సాగదు. దారాలు, బొత్తాలు, బట్ట, ఏది కొనాలన్నా మొదటినుంచీ వెళ్ళేది తల్లే. గుడ్డను రెండు వేళ్ళమధ్య నలిపి అది ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పగలదు. కాబట్టి మిషను కొనడానికీ తల్లినే పంపుతూ, రిజిస్ట్రేషను పత్రం నకలు ఒకటి సంచీలో పెట్టింది. బిల్లు కేంద్రం పేరు మీదే చేయించమనీ, పత్రంలో ఉన్న పన్ను నంబరు చూపించమనీ రెండుసార్లు చెప్పింది. బెంగమ్మ రెండుసార్లూ తల ఊపింది.

మిషన్ల కొట్టులో అంతా సవ్యంగానే జరిగింది. అదే ఆవిడకు అనుమానం తెప్పించింది. మిషను తిప్పి చూపించారు, చప్పుడు మెత్తగా ఉంది. ధరలో కొంత తగ్గించారు కూడా. ఇంత మంచిగా ఎందుకున్నారు వీళ్ళు అనుకుంటుండగానే, కంప్యూటరు ముందు కూర్చున్న బిల్లులాయన తల ఎత్తకుండా పేరు, ఫోను నంబరు, పన్ను నంబరు ఉంటే అదీ చెప్పమన్నాడు.

బెంగమ్మ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. పత్రాన్ని తాకింది. అక్కడే ఆగింది.

ఎందుకంటే అంతకుముందు వారమే ఫోనులో ఎవరో పంపిన కబురు ఒకటి చదివింది. ఎక్కడో ఒకావిడ కొట్టులో తన నంబరు చెప్పిందట. తెల్లారేసరికి ఆవిడ పేరు మీద ఎవరో ట్రాక్టరు అప్పు తీసుకున్నారట. ఆవిడకు పొలమే లేదట. ఈ ముక్క గుర్తుకొచ్చి బెంగమ్మ పత్రాన్ని సంచీలోనే వదిలి చెయ్యి బయటికి తీసింది. పన్ను నంబరు లేదు, ఇంటి వాడకానికే అంది. ఆ మాట అన్నాక ఇక పేరు విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు. ఏ కొట్టులో ఎవరు పేరు అడిగినా ఏళ్ళ తరబడి చెబుతున్న పేరే నోటికొచ్చింది. ఫోను నంబరూ అంతే.

ఆ పేరూ, ఆ నంబరూ మేడమీదావిడవి.

బిల్లు చేతికొచ్చింది. బెంగమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీ అడుగున దాచి, ప్రమాదం తప్పించుకున్నదానిలా ఊపిరి పీల్చుకుంది. మిషను క్షేమంగా వచ్చింది. కుట్టుకేంద్రంలో కిటికీ పక్కన కూర్చుని ఝుమ్మని పాడింది. ఆ పైన కొన్నాళ్ళపాటు ఆవిడ బెంగ పెట్టుకోవడానికి విషయమే దొరకక, మిషను మరీ వేగంగా కుడుతోందేమోనని బెంగ పెట్టుకుంది.

నెలాఖరు దగ్గరపడ్డాక కూతురు బిల్లులన్నీ ఆడిటరుకు పంపించింది. ఆడిటరు ఆ పూటే ఫోను చేసింది. మిషను బిల్లు పనికిరాదట. తాము కొన్నవాటి మీద కట్టిన పన్నును, కుట్టి అమ్మినవాటి మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కానీ బిల్లు మీద తమ రిజిస్టరైన పేరు, తమ నంబరు ఉండాలి. ఇందులో నంబరే లేదు, పేరేమో ఎవరిదో. ఈ నెల లెక్క కట్టేలోపు సరైన బిల్లు తెప్పించమంది.

కూతురు ఫోను పెట్టేసి, బిల్లు మడతలు విప్పి, పేరు చదివి, కప్పుకేసి చూసింది. ఆ పేరుగలావిడ అడుగుల చప్పుడు సరిగ్గా అప్పుడే పైన వినబడింది.

"అమ్మా, ఆవిడ మనకోసం మిషను ఎప్పుడు కొనిపెట్టింది?"

బెంగమ్మ ట్రాక్టరు సంగతి మొదలుపెట్టింది. కూతురు మధ్యలో ఆపింది. ఎన్ని కొట్లలో ఇలా చెప్పావని అడిగింది. బెంగమ్మ లెక్కపెట్టబోయి మానేసింది. సరుకుల కొట్టు, చెప్పుల కొట్టు, మందుల కొట్టు, కళ్ళజోళ్ళాయన. అయినా తన ఉద్దేశం మంచిదేనంది. ఆవిడకు ఏ హానీ కలగాలని కాదు, తమకు కలగకూడదనే.

"అంటే ట్రాక్టరు అప్పు ఆవిడ నెత్తిన పడ్డా ఫరవాలేదన్నమాట."

"ఆవిడకు ధైర్యం ఎక్కువ కదే."

కూతురు కోప్పడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఈ బిల్లు సరిచేయించుకు రమ్మంది. రాకపోతే ఇకనుంచి కొనుగోళ్ళు తనే చూసుకుంటానంది, "నువ్వు ఇంట్లో హాయిగా కూర్చుందువుగాని," అంది. ఆ హాయి అన్న మాట బెంగమ్మ గుండెలో సూదిలా దిగింది. ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో ఆవిడకు కళ్ళకు కట్టింది. ముందు మోకాళ్ళు పట్టేస్తాయి, తరవాత చూపు మందగిస్తుంది, ఆ తరవాత ఎవరూ ఏమీ అడగరు.

బెంగమ్మ కొట్టుకు వెళ్ళి బిల్లులాయన ఎదుట బిల్లు పరిచి, సంచీలోంచి పెన్ను తీసి, ఆ పేరు కొట్టేసి పక్కన సరైన పేరు రాసి ముద్ర వేయమంది. పని అయిపోతుందనుకుంది.

బిల్లులాయన మొదటిసారి తల ఎత్తాడు. పెన్నుతో దిద్దిన బిల్లు ఎక్కడా చెల్లదన్నాడు. పోనీ కంప్యూటరులో చెరిపెయ్యమంది. అదీ కుదరదన్నాడు. బిల్లు నంబర్లు వరసగా వెళతాయి, మధ్యలో ఒకటి మాయమైతే తనిఖీకి వచ్చినవాళ్ళు ఊరుకోరు. దారి ఒకటే ఉంది. పాత బిల్లు మొత్తానికి క్రెడిట్ నోట్ వేస్తాడు, దాంతో ఆ అమ్మకం రద్దయినట్టు. తరవాత కేంద్రం పేరున, పన్ను నంబరుతో కొత్త బిల్లు ఇస్తాడు. వారంటీ కాగితం కూడా ఇప్పుడు పాత పేరునే ఉంది, అదీ మారుస్తాడు. పెద్ద పనేం కాదు.

బెంగమ్మకు ప్రాణం లేచొచ్చింది. పత్రం నకలు తీసి తనే ముందుకు తోసింది. కేంద్రం బోర్డు మీది పేరు కాదు, పత్రంలో ఎలా ఉందో అలాగే కొట్టమని కూడా చెప్పింది. ఆయన కొడుతూ కొడుతూ ఆగాడు.

"ఒక సంతకం కావాలండీ. బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళది."

"ఎందుకు బాబూ?"

"క్రెడిట్ నోట్ ఆవిడ పేరునే వెయ్యాలి కదా. అంటే ఆ మొత్తం మేం ఆవిడకు ఇవ్వాలని రాసిచ్చినట్టే. రేపు ఆవిడొచ్చి నా డబ్బు నాకివ్వండి అంటే మా ఓనరు నా జీతంలో కోస్తాడు. నేను కొనలేదు, డబ్బు నేను కట్టలేదు అని ఆవిడ రాసిస్తే చాలు."

బెంగమ్మ కుర్చీలో కూలబడింది. మేడమీదావిడతో మాటలు లేవు. ఒకప్పుడు వదినా అంటే వదినా అనుకున్నవాళ్ళే. పైన ఆరేసిన దుప్పట్లు కారి, కింద కట్టలు కట్టి పెట్టిన తెల్లబట్ట మీద నీలం మరకలు పడ్డాయి. బెంగమ్మ ఒక మాట అంది, పైనుంచి రెండు పడ్డాయి. అప్పటినుంచి మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గోడకు వేసిన సున్నాన్ని పరీక్షగా చూసుకుంటూ దిగిపోయేవారు. ఇప్పుడు ఆ మనిషికి, వెళ్ళి, మిషను మొత్తం నీ పేరున ఉంది, వదులుకో అని చెప్పాలి. వదులుకోనంటే? కొట్టుకొచ్చి డబ్బు పుచ్చుకుంటే? మనిషిని తెచ్చి మిషను మేడెక్కిస్తే? ఇంటికొచ్చేసరికి బెంగమ్మ ఊహలో ఓవర్‌లాక్ మిషను మేడమీద ఝుమ్మంటోంది, దాని దుమ్ము కింద పడుతోంది.

కూతురు తోడొస్తానంది. వద్దంది. చేతిరాత గుండ్రంగా ఉండే కుట్టుపనామె చేత కాగితం రాయించుకుని, చీరకొంగు సవరించుకుని, మెట్లెక్కింది. సగంలో ఒకసారి దిగొచ్చి పెన్ను సరిగ్గా రాస్తుందో లేదో చూసుకుని మళ్ళీ ఎక్కింది.

మేడమీదావిడ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. బెంగమ్మ గడప ఇవతలే నిలబడి చెప్పుకొచ్చింది. ముందు అబద్ధం చెబుదామనుకుంది, కొట్టువాడే పొరపాటు చేశాడని. కానీ ఆవిడ కళ్ళలోకి చూశాక ఆ అబద్ధం నోట్లోనే ఆరిపోయింది. ట్రాక్టరు సంగతి చెప్పింది. అన్ని కొట్లలోనూ మీ పేరే చెబుతున్నానని చెప్పింది. నేను పిరికిదాన్ని, మీరైతే ఎవర్నైనా నిలదీసి అడగగలరు, అందుకే మీ పేరు చెబితే నాకు ధైర్యంగా ఉండేదని చెప్పింది. ఆ ఆఖరి మాట నిజమని, చెప్పాకే బెంగమ్మకు తెలిసింది. సంతకం పెట్టకపోతే పిల్ల నన్ను ఇంట్లో కూర్చోబెడుతుందంది. కాగితం ముందుకు చాచింది.

మేడమీదావిడ కాగితం తీసుకుంది. చదివింది. వెనక్కి తిప్పి చూసింది, అక్కడేమీ లేదు. మళ్ళీ మొదటినుంచి చదివింది. కింద మిషను ఆగింది. పనివాళ్ళంతా చెవులు పైకి పెట్టారని బెంగమ్మకు అర్థమైంది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు. పోలీసులకు ఫోను చేస్తోందేమో అనుకుంది బెంగమ్మ. లాయరుకేమో. కాగితం చింపేసిందేమో. కాళ్ళు పీకుతున్నా గోడకు ఆనుకోలేదు.

ఆవిడ తిరిగి వచ్చింది, కళ్ళజోడు పెట్టుకుని. కాగితాన్ని తలుపుకు ఆనించి, ప్రతి అక్షరం విడివిడిగా కనబడేలా సంతకం పెట్టింది. తారీఖు కూడా వేసింది. అయినా కాగితం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"మిషనుకీ అలాంటివాటికీ మీ పేరే చెప్పుకోండి," అంది చివరికి. "సరుకుల కొట్లో మాత్రం నా పేరే ఉండనివ్వండి వదినా. మీరు కొన్నప్పుడల్లా నా నంబరుకు పడే పాయింట్లతో మొన్న నాకు కుక్కరు వచ్చింది."