వాకిలి తడిసిన లెక్క

లక్సెట్టిపేట హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రాజం సారు ఎర్రసిరాకు జాలి ఉండదని పేరు. ప్రైమరీ బడి పంతులమ్మ బాలలక్ష్మి ప్రైవేటుగా మెట్రిక్ కడతానంటే, "నా పరీక్షల ముప్పై అయిదు తెచ్చుకో, హెడ్మాస్టర్ తోని ఫారం మీద సంతకం నేను పెట్టిస్త" అన్నాడు. ఆమెకు వచ్చినవి ముప్పై నాలుగు. ఫారం కట్టడానికి గడువు మర్నాటితో సరి.

బడి వదిలాక ఆమె కాగితం పట్టుకుని వచ్చింది.

"సార్, గిది తప్పెట్లయితది?"

పొద్దున లేచేసరికి నేల తడిగా ఉంది, వాన పడి ఉంటుంది అనే అర్థం వచ్చేలా ఖాళీ నింపాల్సిన ఇంగ్లీషు వాక్యం అది. ఖాళీలో ఆమె 'మైట్ హావ్' అని రాసింది. సారు కొట్టేసి 'మస్ట్ హావ్' అని దిద్దాడు.

"నేల తడిసిందంటే వాన పడ్డట్టే గదమ్మా! పక్కా తెలిస్తే మస్ట్, అనుమానముంటే మైట్."

"పక్కా ఎట్ల తెలుస్తది సార్? మా గల్లీల పొద్దుగాల చూడుండ్రి, ఒక్క చుక్క వాన లేకున్నా వాకిండ్లన్నీ తడే. సాన్పి చల్లుతరు గద!"

రాజం సారు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ఆ ప్రశ్న పదకొండేళ్లుగా అడుగుతున్నాడు. రోజూ తన ఇంటి ముందు తన భార్య పేడనీళ్లు చల్లుతూనే ఉంది. ఇంటికప్పులు కూడా తడిసి ఉన్నాయని రాసి ఉంటే 'మస్ట్' అని బల్లగుద్ది చెప్పొచ్చు. ఉత్త నేల చూసి చెప్పడానికి తనకూ దమ్ము చాలదు. సిగ్గుతో నవ్వొచ్చింది. మార్కు కలిపాడు.

"ముప్పై అయిదు. పో."

ఆమె కదల్లేదు. "ఇంకోటి సార్. దుమ్ము లేస్తోంది, వాన పడి ఉండదు అన్న కాడ నేను 'మస్ట్ నాట్ హావ్' అని రాసిన. మీరు రైట్ కొట్టిన్రు. నిన్న పుస్తకం చూసిన, అక్కడ 'కాంట్ హావ్' రావాలె."

మళ్లీ ముప్పై నాలుగే!

"పిచ్చిదానివా? నోరు మూసుకుంటే ఫారం మీద సంతకం పడేది గద!"

"మా పిల్లలకు తప్పు నేర్పుత సార్, తెల్వకుంటే."

సారు ఎర్రసిరా కలానికి మూత పెట్టాడు. "సరే, నోటితోని చెప్పు. రేపు సెలవు, బడికి రావలసిన పని లేదు అనాలె. మస్ట్ నాటా, నీడ్ నాటా?"

"నీడ్ నాట్ సార్. మస్ట్ నాట్ అంటే రావద్దని మనా చేసినట్టు."

"గంతే! తెల్వనోళ్లకే ఫారం వద్దన్న. నీకు తెలుసు."

అప్పటికప్పుడు లేచి ఆమెను వెంటబెట్టుకుని హెడ్మాస్టర్ గదికి నడిచాడు. ఆ వేసవిలో మెట్రిక్ ఇంగ్లీషు పరీక్షలో ఆమెకు నలభై మూడు వచ్చాయి.